కాక్టస్సా, యుఫోర్బియానా? ఫొటో చూసి తేల్చే మూడు గుర్తులపై నా సమీక్ష

బంధువులు, తెలిసినవాళ్లు పంపే మొక్కల ఫొటోలు చూసి అదేమిటో చెప్పడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. వాటిలో ఎక్కువగా వచ్చేవి ముళ్ల మొక్కలే. ఆకులుండవు, ఆకుపచ్చ కాండం పలకలు పలకలుగా ఉంటుంది, అంచుల వెంబడి ముళ్లుంటాయి. పంపినవాళ్లు కాక్టస్ అనే అనుకుంటారు. చాలాసార్లు అది యుఫోర్బియా, అంటే బొంతజెముడు లాంటి వేరే కుటుంబపు మొక్క అవుతుంది. ఈ రెంటినీ వేరు చేయడానికి అందరూ చెప్పే గుర్తులు మూడు: ఏరియోల్, ముళ్ల అమరిక, పాలు. మొక్క ఎదురుగా ఉంటే మూడూ పనికొస్తాయి. ఫొటోలో మాత్రం మూడింటికీ ఒకే విలువ ఇవ్వలేం. ఇన్నేళ్లు వాడాక దేన్ని ఎంతవరకు నమ్మాలో నాకు ఒక అంచనా ఏర్పడింది, దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఏరియోల్. కాక్టస్ కాండం మీద ముళ్లు నేరుగా చర్మంలోంచి రావు. ముళ్ల గుత్తి అడుగున ఒక చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది, దాని మీద తెల్లగానో, బూడిదరంగులోనో, గోధుమరంగులోనో మెత్తటి నూగు ఉంటుంది. అదే ఏరియోల్. నిజానికి అది పొడవు పెరగకుండా కుదించుకుపోయిన ఒక చిన్న కొమ్మ. మామూలు మొక్కలో ఆకు మొదట్లో ఉండే మొగ్గ ఇక్కడ ఇలా మారింది. అందుకే ముళ్లు, పూలు, పిలక కొమ్మలు అన్నీ కాక్టస్‌లో ఆ మచ్చలోంచే వస్తాయి. ఏరియోల్ లేని కాక్టస్ లేదు. ముళ్లు అసలే లేని ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్‌లో కూడా ప్రతి పలక నడిమధ్యన దూది చుక్కల వరుస స్పష్టంగా కనిపిస్తుంది. యుఫోర్బియా ఎంత కాక్టస్‌లా కనిపించినా దానికి ఏరియోల్ ఉండదు.

ఇంత గట్టి గుర్తు కాబట్టే ఫొటోలో నేను మొదట వెతికేది దీన్నే. కానీ ఎక్కడ వెతుకుతామన్నది ముఖ్యం. కాండం అడుగుభాగంలో వెతికితే లాభం లేదు. ఏళ్లు గడిచేకొద్దీ నూగు ఎండకు, వానకు రాలిపోతుంది, కాండం బెరడు కట్టి గట్టిపడుతుంది, అక్కడ రెండు జాతులూ ఒకేలా కనిపిస్తాయి. నూగు బాగా కనిపించేది కొస దగ్గర, కొత్తగా పెరుగుతున్న భాగంలో. అందుకే ఎవరు మొక్క మొత్తం ఫొటో పంపినా కొసది ఇంకొకటి అడుగుతాను. ఫోన్‌ను మరీ దగ్గరగా పెడితే ఫోకస్ కుదరదు, ముళ్ల వెనక గోడ మాత్రం స్పష్టంగా వస్తుంది. జానెడు దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించి పెద్దది చేసుకుంటే మేలు. మిట్ట మధ్యాహ్నం ఎండలో నూగు తెల్లగా వెలిసిపోతుంది. పొద్దున్నో సాయంత్రమో పక్కనుంచి వెలుతురు పడినప్పుడు ఆ చిన్న దిండు లాంటి ఎత్తు నీడతో సహా తెలుస్తుంది.

ఏరియోల్ విషయంలో బాగా టెన్షన్ పెట్టేది పిండినల్లి. యుఫోర్బియా ముళ్ల మొదట్లో పిండినల్లి చేరితే తెల్లటి దూది మచ్చలా ఉంటుంది, ఫొటోలో అచ్చం ఏరియోల్ నూగులాగే కనిపిస్తుంది. తేడా తెలుసుకోవడానికి నేను ఒక్క మచ్చను కాకుండా వరుస మొత్తాన్ని చూస్తాను. ఏరియోల్ అయితే ప్రతి ముళ్ల గుత్తి కిందా ఉంటుంది, దాదాపు ఒకే సైజులో, ఒకే ఎడంతో ఉంటుంది. పిండినల్లి అయితే ఒకచోట ముద్దగా, ఇంకోచోట అసలు లేకుండా, కొన్నిసార్లు పలకల మధ్య సందుల్లోకి కూడా పాకి ఉంటుంది. చిన్న కుండీల్లో అమ్మే కొన్ని కాక్టస్‌లకు నడినెత్తిన ఎండుపూలు జిగురుతో అంటించి ఉంటాయి. ఆ పువ్వు కొస భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి అలాంటప్పుడు పక్కనుంచి తీసిన ఫొటోయే కావాలి.

ఇక ముళ్లు. యుఫోర్బియాల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించే బొంతజెముడు, ఆకుజెముడు లాంటి వాటికి ముళ్లు జంటలుగా ఉంటాయి. ఒకే చోట మొదలై రెండు వైపులకు విచ్చుకుంటాయి. ఈ జంటకు కారణం ఉంది. ఆకు మొదట్లో అటూ ఇటూ ఉండే చిన్న పుచ్ఛాలే ఇక్కడ ముళ్లుగా మారాయి. కాబట్టి ఆ రెండు ముళ్ల దగ్గరే ఆకు గానీ, రాలిన ఆకు మచ్చ గానీ ఉండాలి. కొసన చూస్తే చాలాసార్లు చిన్న ఆకు ఇంకా అక్కడే ఉంటుంది. ముళ్ల అడుగున నూగు ఉండదు, కొమ్ములా గట్టిగా ఉన్న ఒక చిన్న పొడి పలక ఉంటుంది. కాక్టస్‌లో జంట అన్న నియమం లేదు. ఒక ఏరియోల్ నుంచి ఒకటి రావచ్చు, పది రావచ్చు, చుట్టూ పరుచుకున్నవీ మధ్యలో నిలబడినవీ వేరువేరు పొడవుల్లో ఉండొచ్చు. నాగజెముడు లాంటి వాటిలో పెద్ద ముళ్లతోపాటు వెంట్రుకల్లాంటి సన్నని ముళ్ల కుచ్చు కూడా ఉంటుంది. ఫొటోలో ఆ కుచ్చు కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, అది కాక్టసే.

అయితే జంట ముళ్లు లేవు కాబట్టి కాక్టస్ అని తిరగేసి చెప్పడం కుదరదు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి నర్సరీల్లో అమ్ముడుపోయే యుఫోర్బియా హారిడా, యుఫోర్బియా ఎనోప్లా లాంటి వాటిలో ముళ్లు ఒంటరిగా వస్తాయి. అవి పుచ్ఛాల నుంచి వచ్చినవి కావు, పువ్వు పూయకుండా గట్టిపడిపోయిన పూకాడలు. వీటిని ఫొటోలో చూస్తే ఎవరైనా కాక్టస్ అనే అంటారు. ఇలాంటప్పుడు నూగు ఉందా లేదా అన్నదే తేల్చాలి. అందుకే జంట ముళ్లు కనిపిస్తే యుఫోర్బియా వైపు మొగ్గుతాను, కనిపించకపోతే మాత్రం ఏ నిర్ణయానికీ రాను.

మూడోది పాలు. చాలామంది దీన్నే పెద్ద గుర్తుగా చెబుతారు. యుఫోర్బియాను గీస్తే తెల్లటి పాలు వెంటనే కారతాయి, కాక్టస్‌లో చాలావరకు నీళ్లలాంటి లేదా జిగురుగా ఉండే స్వచ్ఛమైన రసం వస్తుంది. మొక్క ముందుంటే ఇది నిజమే. ఫొటోకు మాత్రం ఇది బలహీనమైన గుర్తు. గాయం లేని మొక్కలో పాలు కనిపించవు, కాబట్టి కనిపించకపోవడం ఏమీ చెప్పదు. కనిపించినట్టున్న తెల్లటి చార ఉప్పునీటి మరకో, మందు కొట్టిన గుర్తో కావచ్చు. ఎండిన పాలు గాయం దగ్గర మొదలై కిందికి చుక్కలుగా దిగి ఉంటాయి. అంచు దగ్గర కొద్దిగా పసుపురంగు తిరుగుతాయి. ఇదీ కాక, మామ్మిల్లేరియా అనే కాక్టస్ ప్రజాతిలో కొన్నింటికి గుచ్చితే తెల్లటి పాలే వస్తాయి. మామ్మిల్లేరియా మ్యాగ్నిమామ్మా వాటిలో బాగా తెలిసినది. పాలు వచ్చాయి కాబట్టి యుఫోర్బియా అని దాన్ని తీసిపారేస్తే తప్పు. అక్కడ కూడా కాండం బొడిపెల మీద నూగు, ముళ్ల గుత్తి స్పష్టంగా ఉంటాయి.

ఫొటోలో బాగా గందరగోళం చేసేది మూడు పలకల కాండం. అనంతపురం వైపు ఉండే మా పిన్ని ఒకసారి ఫొటో పంపి, "డ్రాగన్ ఫ్రూట్ కొమ్మ అని ఇచ్చారు, ఏళ్లు గడిచినా పూత లేదు, ఎందుకో చూడు" అని అడిగింది. మొదటి ఫొటోలో గోడ పక్కన నిటారుగా లేచిన ముదురాకుపచ్చ కాండం, మూడు అంచులు, అంచుల వెంట చిన్న ముళ్లు కనిపించాయి. ఆ దూరం నుంచి రెండూ సాధ్యమే. అంచు గోధుమరంగులో గట్టిపడి ఉండటం కూడా సాయం చేయదు, ఎందుకంటే ముదిరిన డ్రాగన్ ఫ్రూట్ కాండానికీ అంచు అలాగే అవుతుంది.

కొస ఫొటో, అంచును పక్కనుంచి తీసిన ఫొటో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి అడిగాను. అవి వచ్చాక సందేహం తీరింది. డ్రాగన్ ఫ్రూట్ అంచు అలలు అలలుగా ఉంటుంది, ఏరియోల్ ఆ అలల మధ్య పల్లంలో ఉంటుంది. ఒక్కో దాంట్లో ఒకటి నుంచి మూడు వరకు పొట్టి ముళ్లు, ఏరియోల్‌కూ ఏరియోల్‌కూ మధ్య సుమారు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎడం ఉంటాయి. పిన్ని మొక్కలో ముళ్లు పల్లంలో లేవు, అంచు మీద పైకి పొడుచుకొచ్చిన పళ్ల కొసల మీద ఉన్నాయి. ప్రతి పంటి మీదా రెండేసి ముళ్లు, అడుగున నూగు లేని గట్టి పొడి పలక. కొస దగ్గర రెండు చోట్ల ముళ్ల పక్కనే చిన్న ఆకు ఇంకా రాలకుండా ఉంది. డ్రాగన్ ఫ్రూట్ ఇంత పెరిగితే కాండం పక్కల నుంచి గాలి వేళ్లు దిగి గోడను పట్టుకునేవి, ఇక్కడ ఒక్కటీ లేదు. ఎక్కడో కొమ్మ విరిగిన చోట కిందికి జారి ఎండిన పాల చార కూడా ఉంది. ఆ చార లేకపోయినా నా జవాబు మారేది కాదు. యుఫోర్బియా అని చెప్పాను.

ఏ యుఫోర్బియా అంటే మాత్రం ఈ పద్ధతి అంత దూరం రాదు. బొంతజెముడు, యుఫోర్బియా ట్రైగోనా, యుఫోర్బియా లాక్టియా కుర్ర మొక్కలుగా ఉన్నప్పుడు చాలా దగ్గరగా ఉంటాయి. లాక్టియాలో పలకల మధ్య లేత తెల్లటి చారలు కనిపిస్తే కొంత ధైర్యంగా చెప్పొచ్చు. పూత వచ్చాక ఫొటో ఉంటే కుటుంబం విషయంలో ఇంకో రుజువు దొరుకుతుంది: యుఫోర్బియా పూలు ముళ్ల పైన చిన్నగా, చాలావరకు పసుపుగా గుంపు కడతాయి, కాక్టస్ పువ్వు ఏరియోల్ నుంచి విడిగా, ఎన్నో రేకులతో, లోపల గుంపుగా కేసరాలతో పెద్దగా విచ్చుకుంటుంది.

పాలు చూద్దామని పిన్ని కత్తి తీసుకోబోయింది, నేను వద్దన్నాను. జెముడు పాలు చర్మం మీద మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం జరుగుతాయి. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆ మొక్కను ఇంకో చోటికి మార్చాలంటే చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి మార్చమని చెప్పాను. డ్రాగన్ ఫ్రూట్ కోసం పళ్లు కాసే తోట నుంచి కొమ్మ తెచ్చుకోమన్నాను, తెచ్చేటప్పుడు అంచు పల్లంలో ముళ్లున్నాయో లేదో చూసుకోమన్నాను.