కర్నూలులో రెండో గన్, అనంతపురంలో రాత్రి సాకెట్

మే నెలలో హైదరాబాదు నుంచి అనంతపురానికి, అక్కడి నుంచి లేపాక్షికి మా ఎలక్ట్రిక్ కారులో వెళ్లి వచ్చాము. బ్యాటరీ 40 యూనిట్లది. ఏసీ వేసుకొని హైవే మీద నడిపితే యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తుంది. ఈ లెక్కన 215 కిలోమీటర్ల దూరంలోని కర్నూలుకు మధ్యాహ్నం ఒకటిన్నరకు చేరేసరికి 17 శాతం మిగిలింది.

ఊరి బయట ఒక హోటల్ ఆవరణలో కారుకు తగిలించే గన్‌లు రెండున్న 60 కిలోవాట్ల చార్జర్ ఉంది. మొదట 36 కిలోవాట్లు వచ్చింది. మా కారు తీసుకోగలిగేది అంతే. పది నిమిషాల తరువాత అది క్షణాలలో 29కి పడిపోయి అక్కడే నిలిచిపోయింది. యంత్రం పాడయిందనుకొని నేను ఆపి మళ్లీ మొదలుపెట్టినా ఫలితం లేదు. అప్పుడు కాపలాదారు, "రెండో బండి తగిలించినారు కదా సార్, సగం దానికి పోతాంది" అన్నాడు. ఆ యంత్రం లోపల ముప్పయ్యేసి కిలోవాట్ల మాడ్యూళ్లు రెండున్నాయి. ఒక్క కారే ఉంటే రెండూ దానికి, రెండు కార్లుంటే చెరొకటి. ఆ రెండో కారు వెళ్లిపోయాక కూడా మాకు 29 దగ్గరే ఆగింది. చార్జింగ్ మధ్యలో మాడ్యూలును తిరిగి ఇవ్వని యంత్రాలు కొన్ని ఉంటాయి. ఒకసారి ఆపి మొదలుపెట్టాకే 36 వచ్చింది.

అది కూడా ఎక్కువసేపు నిలవలేదు. 55 శాతం దాటాక 31కి, కొంతసేపటికి 26కి మెట్లు దిగినట్లు తగ్గింది. పక్క గన్ ఖాళీగానే ఉంది, కారు ముందు భాగంలో ఫ్యాను మాత్రం హోరెత్తుతోంది. మూడున్నర గంటల ప్రయాణంలో వేడెక్కిన బ్యాటరీని ఎండలో నిలిపి చార్జింగ్ పెడితే అది మరింత కాగుతుంది. దానిని కాపాడే నియంత్రణ వ్యవస్థ కరెంటును తగ్గిస్తుంది. మా కారులో బ్యాటరీనీ క్యాబిన్‌నూ చల్లబరిచే కంప్రెసర్ ఒక్కటే కాబట్టి, కారు ఏసీ కట్టేసి హోటల్ లోపల జొన్నరొట్టెలు తినడానికి కూర్చున్నాము. (రొట్టెలు బాగున్నాయి, పప్పులో మాత్రం కారం మా పిల్లల పాలిటికి ఎక్కువ.) కాసేపటికి మళ్లీ 30 దాటింది.

80 శాతం వద్ద కనిపించిన తగ్గుదల ఈ రెండింటికీ భిన్నమైనది. అది ఒక్కసారిగా పడలేదు, మెట్లుగానూ దిగలేదు. 22, 18, 13, 8 అంటూ నెమ్మదిగా జారుతూ పోయింది. స్క్రీన్ మీద వోల్టులు దాదాపు కదలకుండా ఉండి ఆంపియర్లు మాత్రమే తగ్గుతుంటే అది సహజమైన తగ్గుదలే. సెల్ వోల్టేజీ పరిమితిని చేరాక దానిని అక్కడే నిలిపి కరెంటును తగ్గించవలసి వస్తుంది. గోతాంలో వేరుశనగకాయలు నింపేటప్పుడు మొదట గంపలతో గుమ్మరించవచ్చు. మూతి దగ్గరకు వచ్చాక కుదుపుకుంటూ గుప్పెడు గుప్పెడుగా కుక్కాలి. చార్జింగ్‌లో లిథియం వెళ్లి చేరేది సెల్‌లోని గ్రాఫైట్‌లోకి. నిండుతున్న గ్రాఫైట్‌లోకి దానిని తొందరపెట్టి నెడితే అది లోపలికి చేరక పైన లోహంగా పేరుకొని బ్యాటరీని శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

ఆనాటి నా తప్పు 95 శాతం దాకా కాచుకోవడం. 17 నుంచి 80 వరకు 25 యూనిట్లు, ఇన్ని అంతరాయాలతోనూ, 55 నిమిషాలలో ఎక్కాయి. తరువాతి ఆరు యూనిట్లకే అరగంట పట్టింది. అనంతపురం అక్కడికి 150 కిలోమీటర్లే కాబట్టి 80తో బయలుదేరినా 22 శాతం మిగిలేది.

అనంతపురంలో రెండు లాడ్జీలు చూశాము. గదులు బాగున్న మొదటి దానిలో కారు నిలిపేది వీధిలోనే. రెండవదాని గదులు ఇరుకే అయినా సెల్లారులో ఎర్తింగ్ సరిగా ఉన్న 15 ఆంపియర్ల సాకెట్ ఉంది, దానికి వేరే బ్రేకరు కూడా ఉంది. అందుకే అక్కడే రెండు రాత్రులు దిగాము. గంటకు మూడు యూనిట్ల చొప్పున తొమ్మిది గంటలలో కారు 37 నుంచి నిండిపోయింది. ఇంత తక్కువ కరెంటు వద్ద 80 తరువాతి తగ్గుదల దాదాపు చివరి వరకు తెలియనే తెలియదు. వంద శాతం నింపుకోవడానికి అనువైనది హైవే కాదు, పడుకునే చోటే. లేపాక్షి రానుపోను 210 కిలోమీటర్లు ఆ నిండు బ్యాటరీతోనే తిరిగాము.

తిరుగు ప్రయాణంలో ఉదయం ఎనిమిదింపావుకు కర్నూలులో అదే చార్జర్ వద్ద ఆగాము. 42 నుంచి 80 వరకు పక్కన ఎవరూ లేకుండా, చల్లని పూట, 36 కిలోవాట్లు తగ్గకుండా 25 నిమిషాలలో పూర్తయింది. అక్కడే 95 దాకా కూర్చుంటే మరో అరగంట పట్టేది. దానికి బదులు గన్ తీసేసి, జడ్చర్ల వద్ద 30 శాతంతో ఆగి, పావుగంటలో తొమ్మిది యూనిట్లు ఎక్కించుకొని 20 శాతంతో ఇల్లు చేరాము.