పద్నాలుగు కోరికలా, నాలుగు షరతులా: తోడు వెతుక్కునేటప్పుడు ఏది మేలు?

నా స్నేహితురాలు ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. తనకు కాబోయే తోడు ఎలా ఉండాలో అందులో పద్నాలుగు లైన్లు రాసుకుంది. సిగరెట్ తాగకూడదు, పుస్తకాలు చదవాలి, తనకంటే పొడుగ్గా ఉండాలి, పిల్లలు వద్దనుకునేవాడై ఉండాలి, శుభ్రంగా ఉండాలి, అప్పులు ఉండకూడదు... అన్నీ ఒకే ఇంకుతో, ఒకే బరువుతో రాసింది. పొడుగుకీ పిల్లలకీ మధ్య ఆ కాగితం మీద తేడాయే లేదు.

ఇలాంటి జాబితా మంచిదా, అసలు జాబితా లేకుండా మనసుకు నచ్చినట్టు పోవడం మంచిదా, లేక అందులో కొన్నిటినే షరతులుగా ఉంచుకోవడం మంచిదా? నేను మూడోదాని వైపే ఉన్నాను. ఎందుకో చెబుతాను.

పొడవాటి జాబితాతో వచ్చే చిక్కు లెక్కలోనే ఉంది. ఒక్కో షరతుకు సగం మంది సరిపోతారనుకుందాం. అయిదు షరతులు పెడితే 32 మందిలో ఒకరు మిగులుతారు. పది పెడితే 1,024 మందిలో ఒకరు. షరతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే ఈ లెక్క కొంత మారుతుంది గానీ, దిశ మారదు. పైగా అలా మిగిలిన ఆ ఒక్కరికీ మనం నచ్చాలి కదా.

జాబితా లేకపోతే వచ్చే చిక్కు వేరు. మనిషి ఎదురుగా కూర్చుంటే మనం గీసుకున్న గీత జరిగిపోతుంది. 2014లో టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. తాము వద్దనుకునే లక్షణం ఉన్న వ్యక్తిని కలవడానికి ఒప్పుకుంటారా అని అడిగారు. కొందరికి ఇది ఊహ మాత్రమేనని చెప్పారు, మిగతావాళ్లకు ఆ వ్యక్తి నిజంగానే పక్క గదిలో ఉన్నట్టు నమ్మించారు. ఊహలో ఒప్పుకున్నవాళ్లు నూటికి 46 మంది అయితే, నిజమనుకున్నప్పుడు ఒప్పుకున్నవాళ్లు 74 మంది. ఎదుటివాళ్ల మనసు నొప్పించలేక మొహమాటపడటం ఇందుకు ఒక ముఖ్య కారణమని తేలింది. రాసిపెట్టుకోకపోతే, ఆ మొహమాటం ముందు మనకు గుర్తొచ్చే గీత ఉండదు.

అందుకే నోట్‌బుక్‌లోని పద్నాలుగు లైన్లనూ ఒక్కొక్కటిగా తీసుకుని, ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాం: 'మిగతాదంతా బాగుంది, ఇది ఒక్కటి మాత్రం ఎప్పటికీ మారదు. పదేళ్లు కలిసి ఉండగలవా?'

పొడుగు దగ్గర తను ఒక్క క్షణం కూడా ఆగలేదు, ఉండగలనంది. అది ఇష్టం. పిల్లల దగ్గర అంతే వేగంగా ఉండలేనంది. అది షరతు. నిజానికి పిల్లల విషయం ఎవరికైనా షరతు కిందే రావాలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో మధ్యేమార్గం లేదు. ఎక్కడ నివసించాలన్నదాంట్లో ఏవో సర్దుబాట్లు ఉంటాయి, ఖర్చులో ఉంటాయి, కానీ సగం బిడ్డను కనలేం. ఇద్దరిలో ఒకరు తగ్గితే ఆ తగ్గినవాళ్లు జీవితాంతం మోయాలి.

పుస్తకాల దగ్గర చాలాసేపు ఆగిపోయాం. 'పుస్తకం చదవనివాడితో నేనేం మాట్లాడతాను?' అంది. అయితే నీకు కావలసింది పుస్తకాలా, మాటలా అని అడిగాను. కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, ఆ లైను కొట్టేసి 'సాయంత్రం కూర్చుని మాట్లాడాలి, నేను చెప్పేది వినాలి' అని రాసింది. ఇది షరతుగా నిలబడింది. మనం రాసుకునే చాలా లైన్ల కింద ఇలా ఇంకో అవసరం దాక్కుని ఉంటుంది. పై లైనును షరతు చేస్తే, సినిమాల గురించో మొక్కల గురించో గంటల తరబడి మాట్లాడగల మంచి మనిషిని అనవసరంగా వదులుకుంటాం.

అప్పుల లైను కూడా అలాగే మారింది. చదువు కోసం తీసుకున్న అప్పును నెలనెలా కడుతున్న మనిషితో తనకు ఇబ్బంది లేదు. అప్పు దాచిపెట్టడమే భరించలేనిది. 'డబ్బు విషయం దాచకూడదు' అని తిరగరాసింది. సిగరెట్ షరతుగానే ఉండిపోయింది, ఆ పొగకు తనకు ఊపిరాడదు. కొట్టడం, బెదిరించడం గురించి జాబితాలో ఏమీ లేదు, ఉండనక్కర్లేదు కూడా. అవి ఎంచుకునే విషయాలు కావు, అక్కడినుంచి బయటికి వచ్చేయాల్సిన విషయాలు.

అలా నాలుగు షరతులు తేలాయి. మిగిలిన పదింటిలో అయిదు ఇష్టాలయ్యాయి. మిగతా అయిదిటికి మూడో గడి గీశాం: 'నచ్చదు, కానీ సర్దుకుపోగలను.' జనం ఈ గడి రాసుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే ముఖ్యమనిపిస్తుంది. దంపతులను ఏళ్ల తరబడి పరిశీలించిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, దంపతుల మధ్య వచ్చే గొడవల్లో దాదాపు 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తేలనివేనని చెప్పారు. ఒకరు పొదుపరి, ఒకరు ఖర్చుమనిషి. ఒకరికి నలుగురూ కావాలి, ఇంకొకరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఎవరిని ఎంచుకున్నా ఇలాంటివి కొన్ని వెంట వస్తాయి కాబట్టి, వాటిలో ఏవి మోయగలమో ముందే తెలిసి ఉండటం మేలు.

ఈ గడిలో ఏదైనా రాసేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. తను 'సామాన్లు చిందరవందరగా పడేసినా పర్లేదు, మెల్లగా నేర్పిస్తాను' అని రాసింది. 'నేర్పిస్తాను' అన్న మాట కొట్టేసి మళ్లీ చదవమన్నాను. తడి తువ్వాలు మంచం మీద, రోజూ, పదేళ్లు. చదివి నవ్వింది, తర్వాత ఆలోచించి, పర్లేదు ఉండనీ అంది. అలా అనగలిగితేనే అది సర్దుకుపోవడం. మారుస్తానన్న ఆశతో రాసినది ఆ గడిలో నిలవదు.

జాబితా దారి తప్పుతోందని తెలుసుకునే గుర్తులు రెండు చూశాను. కొత్త మనిషిని కలిసిన ప్రతిసారీ కొత్త షరతు పుట్టుకొస్తుంటే, అది మనిషి గురించి కాదు, దగ్గరవడం గురించిన భయం కావచ్చు. రెండోది దీనికి వ్యతిరేకమైనది: ఆ మనిషిలోని ఒక విషయాన్ని దగ్గరి స్నేహితులకు చెప్పకుండా దాస్తున్నామంటే, షరతు ఎక్కడో దాటేశామని మనకు అప్పటికే తెలుసు.

కొన్ని నెలలకు తనకు ఒకతను పరిచయమయ్యాడు. అయిదు ఇష్టాలూ ఉన్నాయి, పొడుగుతో సహా. మూడోసారి కలిసినప్పుడు పిల్లల గురించి అడిగింది. 'అవన్నీ టైమొచ్చినప్పుడు చూద్దాంలెండి' అన్నాడు. చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని మాట మార్చేస్తారు. తను మార్చలేదు. 'నాకు పిల్లలు వద్దు. నా మాట ఎప్పటికీ మారదనుకుని చెప్పండి, మీకెలా ఉంటుంది?' అని అడిగింది. అతను చాలాసేపు చేతిలోని కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, తనకు ఇద్దరు కావాలని ఎప్పటినుంచో ఉందని మెల్లగా చెప్పాడు.

ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నోట్‌బుక్ ముందేసుకునే కూర్చున్నానంది. ఆ నాలుగు లైన్లలో దేన్నీ కొట్టెయ్యలేదు.