ఫ్రేజ్ ట్రీనా, డిపెండెన్సీ ట్రీనా? వాక్యాన్ని చదవడానికి ఏది మేలు?

లింగ్విస్టిక్స్ మొదలుపెట్టిన వాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట ఈ డౌట్ వస్తుంది, ఒక పుస్తకంలో వాక్యం పైన మొత్తం వాక్యానికి ఎస్, నామవాచకం గుంపుకి ఎన్‌పీ, క్రియ గుంపుకి వీపీ అని పేర్లు పెట్టి కొమ్మలు కొమ్మలుగా చెట్టు గీసుంటుంది, ఇంకో చోట అదే వాక్యానికి ఆ ఎన్‌పీలూ వీపీలూ ఏవీ ఉండవు, మాట నుంచి మాటకి బాణాలు మాత్రమే ఉంటాయి. రెండూ సింటాక్స్ ట్రీలే అంటారు. మొదటిది ఫ్రేజ్ స్ట్రక్చర్ ట్రీ, 1957లో అమెరికా భాషావేత్త చోమ్‌స్కీ పుస్తకం వచ్చాక బాగా పాకింది. రెండోది డిపెండెన్సీ ట్రీ, ఫ్రాన్స్‌కి చెందిన భాషావేత్త టెనియేర్ చనిపోయాక 1959లో అచ్చయిన పుస్తకం దీనికి మూలం అని చెప్తారు. చరిత్ర అంతవరకు చాలు, ఒకే వాక్యాన్ని రెండిట్లోనూ పెట్టి చూద్దాం.

వాక్యం ఇది: రవి పాత పుస్తకాల బీరువా అమ్మేశాడు.

ఏది పాతది ఇక్కడ? పుస్తకాలా, బీరువానా? పాత పుస్తకాలు పెట్టుకునే బీరువా కొత్తదే అయ్యుండొచ్చు, లేదా పుస్తకాలు పెట్టుకునే బీరువాయే పాతబడి ఉండొచ్చు. వినడానికి రెండూ ఒకటే, చెట్టు మాత్రం ఒకటి కాదు. ముందు ఫ్రేజ్ ట్రీ, పడుకోబెట్టి బ్రాకెట్లలో రాస్తే ఇలా ఉంటుంది, మొదటిది పుస్తకాలు పాతవైనప్పుడు, రెండోది బీరువా పాతదైనప్పుడు:

```
[S [NP రవి] [VP [NP [NP పాత పుస్తకాల] [N బీరువా]] [V అమ్మేశాడు]]]
[S [NP రవి] [VP [NP పాత [N' [NP పుస్తకాల] [N బీరువా]]] [V అమ్మేశాడు]]]
```

దీన్ని చదవడం కింద నుంచి పైకి. కొన్ని మాటలు ఒక గుంపు అవునా కాదా అని తేల్చాలంటే, ఆ మాటలన్నిటినీ తన కిందకి తెచ్చుకుని, ఇంకే మాటనీ తేని నోడ్, అంటే కొమ్మలు కలిసే చోటు, ఒకటి ఉందా అని చూడాలి, ఉంటే గుంపు, లేకపోతే కాదు. మొదటి చెట్టులో "పాత", "పుస్తకాల" రెండిటి పైనా ఒక చిన్న ఎన్‌పీ ఉంది, దాని కింద ఇంకేం లేదు, కాబట్టి గుంపే. రెండో చెట్టులో ఆ రెండిటినీ కలిపే మొదటి నోడ్ ఏదని పైకి వెళ్తే పెద్ద ఎన్‌పీ దాకా పోవాలి, దాని కింద బీరువా కూడా వచ్చేస్తుంది, కాబట్టి ఇక్కడ "పాత పుస్తకాల" గుంపు కాదు, పక్కపక్కన ఉన్న రెండు మాటలు అంతే. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే, పక్కన ఉంటే చాలు ఒక ఫ్రేజ్ అయిపోయినట్టే అనుకుంటారు.

చెట్టు ఎవరో గీసిచ్చింది కదా అని నమ్మక్కర్లేదు, మన నోటితోనే టెస్ట్ చేసుకోవచ్చు. "ఆ పాత పుస్తకాలు ఇచ్చేశాడు, వాటి బీరువా అమ్మేశాడు" అన్నామనుకోండి, "వాటి" అనే ఒక్క మాట "పాత పుస్తకాల" మొత్తాన్నీ మింగేసింది, అంటే అది గుంపు, మొదటి చెట్టు. ఇప్పుడు ఇంకోటి, "కొత్త పుస్తకాల బీరువా ఉంచుకుని పాతది అమ్మేశాడు". ఈ వాక్యాన్ని బీరువాల గురించే తీసుకుంటే "పాతది"లోని ఆ "ది" దేనికి బదులొచ్చింది? బీరువా ఒక్కదానికే కాదు, "పుస్తకాల బీరువా" మొత్తానికి, ఎందుకంటే అమ్మింది పాత బట్టల బీరువా అని ఎవరూ అనుకోరు. అంటే "పుస్తకాల బీరువా" అనేది ఒక గుంపు, రెండో చెట్టులో N' అని రాసిన ఎన్ బార్ అనే ఒక నోడ్ ఉందే, సరిగ్గా అది.

ఇప్పుడు అదే వాక్యం డిపెండెన్సీలో. ఒక్కో మాటకి నంబర్, ఆ మాట ఎవరి మీద ఆధారపడిందో ఆ హెడ్ నంబర్, సంబంధం పేరు, అంతే:

```
1  రవి         5  nsubj
2  పాత         3  amod
3  పుస్తకాల     4  nmod
4  బీరువా       5  obj
5  అమ్మేశాడు    0  root
```

nsubj అంటే కర్త, obj అంటే కర్మ, amod అంటే విశేషణం, nmod అంటే ఇంకో నామవాచకాన్ని వివరించే నామవాచకం, root అంటే ఎవరి మీదా ఆధారపడని మూల మాట, అందుకే దాని హెడ్ 0. ఇది పుస్తకాలు పాతవి అన్న అర్థం. బీరువా పాతది అనాలంటే రెండో లైన్లో 3 తీసి 4 పెడితే చాలు, ఒక్క అంకె, మొత్తం అర్థం మారిపోయింది, ఎంత పొదుపో చూడండి. అయిదు మాటలకి అయిదే నోడ్లు, మధ్యలో కనపడని నోడ్లేమీ లేవు. చదివేటప్పుడు రూల్ కూడా చిన్నదే, ఒక మాట, దాని కింద వేలాడేవన్నీ కలిపితే ఒక ఫ్రేజ్. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి, బాణాలు ఎటు గీశారో ముందు చూసుకోండి, కొందరు హెడ్ నుంచి కిందిదానికి గీస్తారు, కొందరు తిరగేసి గీస్తారు. ఎలా తెలుస్తుందంటే, రూట్ తప్ప ప్రతి మాటకీ హెడ్ ఒక్కటే ఉండాలి, హెడ్ నుంచి గీసిన బొమ్మ అయితే ఏ మాటలోకైనా వచ్చే బాణం ఒక్కటే, కాబట్టి అమ్మేశాడు లాంటి ఒకే మాటలోకి రెండు బాణాలు దూసుకొస్తున్నాయంటే అది తిరగేసి గీసిన బొమ్మ అన్నమాట.

అయితే ఈ పొదుపుకి ఒక ధర ఉంది. బీరువా పాతది అన్న అర్థంలో "పాత", "పుస్తకాల" రెండూ సమానంగా బీరువా కింద వేలాడుతున్నాయి. "పాత" ఒక ఫ్రేజ్, "పుస్తకాల" ఒక ఫ్రేజ్, మూడూ కలిపి ఒక ఫ్రేజ్. మరి ఇందాక "పాతది" టెస్టులో దొరికిన "పుస్తకాల బీరువా" గుంపు ఏది? లేదు. బీరువాని ముట్టుకుంటే దాని కింద ఉన్న "పాత" కూడా వచ్చేస్తుంది, విడదీయడానికి మధ్యలో నోడే లేదు. టెస్టు చెప్పింది చెట్టులో కనపడట్లేదంటే నా లెక్కలో అది చిన్న లోటు కాదు.

"మరియు" లాంటి జోడింపులు వస్తే ఇంకా ఇబ్బంది. "రవి పాత పుస్తకాలు, పత్రికలు అమ్మేశాడు" అన్నప్పుడు పత్రికలు కూడా పాతవేనా? ఫ్రేజ్ ట్రీలో రెండు అర్థాలకీ రెండు బ్రాకెట్లు పెట్టేయొచ్చు, [[పాత పుస్తకాలు], పత్రికలు] అని ఒకటి, [పాత [పుస్తకాలు, పత్రికలు]] అని ఒకటి. యూనివర్సల్ డిపెండెన్సీస్ అని ఇప్పుడు చాలా భాషలకి వాడే పద్ధతి ఉంది కదా, దాని బేసిక్ చెట్టులో జోడింపుకి మొదటి మాటే హెడ్, పత్రికలు దాని కింద, "పాత" కూడా దాని కిందే. రెండు అర్థాలకీ అక్షరం తేడా లేకుండా ఒకటే చెట్టు! తేడా చూపించాలంటే పైన ఎన్‌హాన్స్డ్ అని ఇంకో పొర వేసి పత్రికల నుంచి "పాత"కి అదనపు బాణం గీయాలి, అప్పుడు అది చెట్టుగా మిగలదు, ఒకే మాటకి రెండు హెడ్లు వచ్చేస్తాయి. పైగా తెలుగులో హెడ్ సాధారణంగా కుడి చివర ఉంటుంది (విభక్తి ఎక్కడ అంటుకుంటుందో చూడండి, "పాత పుస్తకాల బీరువాని", చివరి మాటకే), అలాంటి భాషలో జోడింపుకి మాత్రం ఎడమ చివర హెడ్ అనడం నాకెందుకో ఎప్పుడూ మింగుడు పడదు.

ఇంతవరకు చదివి ఫ్రేజ్ ట్రీయే గెలిచేసింది అనుకోకండి, ఇప్పుడు వాక్యాన్ని కొంచెం కదుపుదాం. "పాత పుస్తకాల బీరువా రవి అమ్మేశాడు." తెలుగులో ఇది మామూలు మాటే. డిపెండెన్సీలో ఏం మారింది? నంబర్లు జరిగాయి, బాణాలు అవే, రవి అమ్మేశాడు కిందే, బీరువా కూడా అమ్మేశాడు కిందే. ఫ్రేజ్ ట్రీలో మాత్రం బీరువా, అమ్మేశాడు కలిసి వీపీ అన్నాం కదా, ఇప్పుడు ఆ రెండిటి మధ్యలో రవి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు రెండే దారులు, బీరువా వీపీలోంచి లేచి ముందుకి వెళ్ళింది అని చెప్పి దాని పాత చోట ఒక `t` పెట్టి గుర్తు వదలాలి, లేదా అసలు వీపీయే లేదు, ఎస్ కింద అన్నీ వరుసగా ఉన్నాయి అనాలి. రెండో మాట ఊరికే అనేది కాదు, ఆస్ట్రేలియాలోని వార్ల్పిరి భాష చూసి కెన్ హేల్ అనే భాషావేత్త 1983లో ఇలాంటి వాదనే పెట్టాడు, మాటల క్రమం అంత స్వేచ్ఛగా ఉన్న భాషల్ని వేరే రకంగా చూడాలని. అయితే తెలుగుకి దాన్ని అలాగే అంటించేయలేం, "రవి బీరువా అమ్మేశాడు, సీత కూడా అలాగే చేసింది" అంటే ఆ "అలాగే చేసింది" బీరువా అమ్మడం మొత్తానికి బదులొస్తుంది, అంటే వీపీ లాంటిది ఏదో ఉన్నట్టే. వాదన ఎటైనా సరే, చదివేవాడికి మాత్రం లేచిపోయిన ముక్కల్ని వెనక్కి పెట్టుకుంటూ చదవాల్సిన పని తగులుతుంది.

ఇంకొంచెం దూరం లాగితే "ఆ బీరువా నాకు రవి అమ్మేశాడని తెలుసు". ఇక్కడ బీరువా "అమ్మేశాడని"కి చెందింది, "నాకు" ఏమో "తెలుసు"కి చెందింది, కాబట్టి డిపెండెన్సీ బొమ్మలో రెండు బాణాలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. దాటడం తప్పు కాదు, లోపలి వాక్యంలోంచి ఒక ముక్క బయటికి వచ్చేసిందని అదే గుర్తు, చూడగానే తెలిసిపోతుంది. ఫ్రేజ్ ట్రీలో కొమ్మలు దాటకూడదు అనేది రూలు, కాబట్టి మళ్ళీ ఆ `t` వ్యవహారం, ఈసారి రెండంతస్తుల్లో.

సరే మరి ఏది మేలు అంటే, నేను వాక్యం మొత్తానికి ఒకటే చెట్టు అని పట్టుపట్టను. గమనించారా, "రవి", "బీరువా", "నిన్న", "నాకు" ఇవన్నీ క్రియ చుట్టూ ఎటంటే అటు తిరుగుతాయి, కానీ "పాత పుస్తకాల బీరువా" లోపల ఏదీ అంత తేలిగ్గా కదలదు, "పుస్తకాల పాత బీరువా" అంటే బీరువాయే పాతదని తేలిపోతుంది, "పాత రవి పుస్తకాల బీరువా అమ్మేశాడు" అంటే పాతబడింది రవి అవుతాడు. క్రమం తిరిగే చోట ఎవరు ఎవరికి చెందారో బాణాలు చూపిస్తాయి, క్రమం బిగుసుకున్న చోట ఏది దేనితో ముందు కలిసిందో బ్రాకెట్లు చూపిస్తాయి. అందుకే క్రియ చుట్టూ బాణాలు గీసుకుని, ప్రతి నామవాచకం ఫ్రేజ్ లోపలా బ్రాకెట్లు పెట్టుకోవడమే తెలుగు వాక్యానికి నాకు నచ్చిన పద్ధతి. పరీక్షలో అలా కలగలిపి గీస్తే మార్కులు రాకపోవచ్చు, అక్కడ ఏది అడిగితే అదే గీయండి.

ఒకటి మర్చిపోయా, రెండు రకాల చెట్లూ పక్కపక్కన పెట్టి హెడ్లు పోల్చేటప్పుడు "బీరువా మీద" లాంటివి చూసి కంగారు పడకండి. ఫ్రేజ్ ట్రీలో సాధారణంగా "మీద" హెడ్, అందుకే దాన్ని పీపీ, అంటే పోస్ట్‌పొజిషన్ ఫ్రేజ్, అంటారు. యూనివర్సల్ డిపెండెన్సీస్‌లో "బీరువా"యే హెడ్, "మీద" దాని కింద `case` అని వేలాడుతుంది, అర్థం ఉన్న మాటకే పెద్దపీట వేయాలని వాళ్ళు పెట్టుకున్న నియమం అది. గుంపు మాత్రం రెండిట్లోనూ అదే రెండు మాటలు, కాబట్టి అక్కడ తేడా వాక్యంలో లేదు, గీసినవాళ్ళ ఒప్పందంలో ఉంది.