రేటు దగ్గర చెడింది, ఏజెన్సీని వదిలేయాలి: వెంటనే తెంచుకోవడమా, నోటీసా, మెల్లగా జారుకోవడమా?

ఏళ్ల తరబడి పని ఇచ్చిన ట్రాన్స్‌లేషన్ ఏజెన్సీ నుంచి "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కొత్త రేట్లు" అని మెయిల్ వస్తే, బేరం కూడా ఆడి చూశాక కుదరకపోతే, మన ఫ్రీలాన్సర్లు మూడు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు ఆ రోజే "ఇక మీ పని చేయను" అని రాసి పారేస్తారు. కొందరు అగ్రిమెంట్ తీసి చూసి, నోటీసు ఇచ్చి, చేతిలో ఉన్నవి పూర్తి చేసి బయటికొస్తారు. ఎక్కువమంది మాత్రం ఏమీ చెప్పరు, వచ్చిన ప్రతి పనికీ "ఈ వారం ఖాళీ లేదు" అంటూ నెలల తరబడి మానకుండానే మానేస్తారు. నా ఓటు రెండో దానికే, కానీ మిగతా రెండూ సరైనవయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి, అవి కూడా చెబుతాను.

ముందు అసలు మానేయాల్సినంత తేడా ఉందా లేదా అన్నది లెక్క వేసుకోవాలి, ఎందుకంటే కొత్త రేటు చాలాసార్లు కోతలా కనిపించదు, పెంపులా కనిపిస్తుంది. నాకు ఒక ఏజెన్సీ పంపిన కొత్త రేట్ల పట్టిక అలాంటిదే. అప్పటిదాకా ఇంగ్లీషు మూలంలో పదాన్ని లెక్కపెట్టి రూపాయిన్నర ఇచ్చేవాళ్లు. కొత్త పట్టికలో రూపాయి అరవై అని ఉంది, చూడగానే బాగానే ఉందనిపిస్తుంది, కానీ కింద చిన్న అక్షరాల్లో "లెక్క టార్గెట్ పదాల మీద" అని ఉంది. తెలుగులో విభక్తి ప్రత్యయాలు పదానికే అతుక్కుంటాయి కదా, ఇంగ్లీషులో మూడు పదాలతో చెప్పే చోట మనం "ఇంట్లో" అని ఒక్క పదంతో సరిపెడతాం. మూలంలో పదివేల పదాలున్న ఫైలు నా చేతిలో తెలుగయ్యేసరికి ఏడున్నర వేల దగ్గర తేలుతుంది. పాత లెక్కన ఆ ఫైలుకి 15,000 రూపాయలు, కొత్త లెక్కన 12,000. అంటే అయిదో వంతు కోత. రోజుకి రెండువేల పదాలు చేసే మనిషికి అదే అయిదు రోజుల పని, రోజు కూలి మూడువేల నుంచి రెండువేల నాలుగొందలకి దిగిపోయింది. మీ పాత ఫైళ్లు రెండు మూడు తీసి మూలంలో ఎన్ని, తెలుగులో ఎన్ని అని చూసుకోండి, ఆరోగ్యం, లీగల్, యాప్ మెసేజీలు ఒక్కోటి ఒక్కో నిష్పత్తిలో వస్తాయి. ఈ లెక్క చేతిలో ఉంటే బేరంలో కూడా పనికొస్తుంది, వదిలేసేటప్పుడు కోపంతో కాకుండా అంకెలతో మాట్లాడొచ్చు.

ఇప్పుడు మొదటి దారి, వెంటనే తెంచుకోవడం. మనసుకి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ దీని ఖర్చు రెండు చోట్ల పడుతుంది. ఒకటి, మీరు ఇప్పటికే ఒప్పుకున్న పీఓలు. పర్చేజ్ ఆర్డర్ ఒప్పుకున్నాక సగంలో వదిలేస్తే, ఆలస్యానికి, కొత్త మనిషిని పెట్టుకోవడానికి అయిన ఖర్చు మీ బిల్లులోంచి కోసుకునే క్లాజు చాలా ఏజెన్సీ అగ్రిమెంట్లలో ఉంటుంది, మన చేతులతోనే సంతకం పెట్టి ఉంటాం. రెండోది, ఇంకా రాని డబ్బు. ఈ నెల ఇచ్చిన పనికి వచ్చే నెలాఖరుకో ఆ పై నెలకో డబ్బు వచ్చే పద్ధతిలో, ఏ రోజు తెంచుకున్నా రెండు నెలల కష్టం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఘాటు మెయిల్ వెళ్లాక, అప్పటిదాకా ఎవరూ ఏమీ అనని ఫైల్లో ఉన్నట్టుండి క్వాలిటీ లోపాలు బయటపడతాయి. అందరూ అలా చేస్తారని కాదు, చేసే అవకాశం మనమే చేతికిచ్చినట్టవుతుంది.

అయితే ఒక సందర్భంలో ఇదే సరైన దారి: పాత రేటుకి ఒప్పుకున్న పీఓకి కూడా కొత్త రేటే కడతామని వాళ్లు అంటే, లేదా ఎప్పటినుంచో బాకీ పెట్టి ఇంకా పని పంపుతుంటే. అప్పుడు మాట తప్పింది వాళ్లే. అప్పుడు కూడా మెయిల్లో పీఓ నంబరు, దాని మీదున్న రేటు, తేదీ, ఈ మూడే రాసి, ఇది తేలేదాకా కొత్త పని తీసుకోలేనని చెబితే చాలు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ మీరు ముందే చేయించుకుని ఉండి, ఏజెన్సీ ఇండియాలోనిదే అయితే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం అగ్రిమెంట్లో ఎన్ని రోజులని రాసుకున్నా 45 రోజులు దాటి చెల్లింపు ఆపడానికి వీల్లేదు, దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పిన బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బెదిరించమని చెప్పడం లేదు, ఆ సంగతి మీకు తెలుసని వాళ్లకి తెలియడం వేరు.

మూడో దారి, చెప్పకుండా జారుకోవడం. దీన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. చాలా అగ్రిమెంట్లు ఉద్యోగ ఒప్పందాలు కావు, పని వస్తే చేయొచ్చు, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, ఇంత పని ఇస్తామన్న హామీ వాళ్లదీ లేదు. అలాంటప్పుడు పనులు వద్దంటూ పోవడంలో తప్పేమీ లేదు, రేపు వాళ్లే పాత రేటుకి దిగొస్తే తలుపు తెరిచే ఉంటుంది. నెలకి ఒకటో రెండో చిన్న ఫైళ్లు వచ్చే చోట ఇంతకి మించి హడావుడి కూడా అనవసరం. కానీ రోజూ పని వచ్చే పాత ఏజెన్సీ దగ్గర ఇది బెడిసికొట్టే తీరు ఒకటుంది. రేట్ల మెయిల్‌కి మీరు జవాబివ్వలేదు, సరే, మౌనం ఒక్కటే ఒప్పుకోలు కాదు. కానీ ఓ వారం చేతిలో డబ్బు ఆడక కొత్త రేటుతో వచ్చిన ఒక్క పీఓ ఒప్పుకుని చేసి ఇచ్చారనుకోండి, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఎనిమిదో సెక్షన్ లెక్కన, షరతు ప్రకారం పని చేసి పెట్టడమే ఒప్పుకోవడం. ఆ తర్వాత పాత రేటు గురించి మాట్లాడటానికి మొహం ఉండదు, కాగితమూ ఉండదు.

ఇంకో నష్టం మనుషుల దగ్గర. రేట్లు పెట్టేది వెండర్ మేనేజరు, మనకి రోజూ మెయిల్ చేసేది ప్రాజెక్ట్ మేనేజరు, ఇద్దరూ ఒకరు కాదు. మీరు విషయం చెప్పకుండా రోజూ "ఖాళీ లేదు" అంటే ఇబ్బంది పడేది ఆ ప్రాజెక్ట్ మేనేజరే, పాపం ఆ అమ్మాయికి ఆ పట్టికతో సంబంధమే ఉండదు. ఈ రంగంలో ప్రాజెక్ట్ మేనేజర్లు ఏజెన్సీలు మారుతూనే ఉంటారు, మారినప్పుడు నమ్మకమైన ట్రాన్స్‌లేటర్ల పేర్లు గుర్తుపెట్టుకుని వెళతారు. మర్యాదగా వదలమని నేను చెప్పేది మంచితనం కోసం కాదు, ఈ కారణానికే.

అందుకే రెండో దారి. ఇందులో వరస ముఖ్యం. మెయిల్ రాయకముందే అగ్రిమెంట్లో టెర్మినేషన్ క్లాజు, రేట్ల అనుబంధం రెండూ చదవాలి. నోటీసు సాధారణంగా 15 లేదా 30 రోజులు ఉంటుంది. రేట్లు మార్చాలంటే ఇద్దరి రాతపూర్వక అంగీకారం కావాలని ఉంటే నోటీసు కాలంలో పాత రేటే నడుస్తుంది, ఏజెన్సీ తనంతట తాను మార్చొచ్చని ఉంటే నడవదు, అప్పుడు నోటీసులోనే "కొత్త పీఓలు తీసుకోను, ఒప్పుకున్నవి పూర్తి చేస్తాను" అని రాసేయాలి. ఆ తర్వాత ఇచ్చేసిన పనులన్నిటికీ ఇన్‌వాయిస్‌లు పంపి, అందినట్టు జవాబు వచ్చిందో లేదో చూసుకోవాలి. కోసిన టీడీఎస్ మీ పాన్ మీద జమ అయిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి, బంధం తెగిపోయాక అకౌంట్స్ వాళ్ల చేత రిటర్న్ సరిచేయించడం పెద్ద తలనొప్పి. వాళ్ల పోర్టల్లో మీ పీఓలు, పేమెంట్ల చరిత్ర ఉంటే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, నోటీసు తర్వాత లాగిన్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. మనకి చెప్పి మరీ ఆపరు కదా.

మెయిల్ ఇంగ్లీషులోనే వెళుతుంది, సారం మాత్రం ఇంతే ఉండాలి:

"కొత్త రేట్ల గురించి మాట్లాడుకున్నాం, ఆ రేటుకి నేను కొనసాగలేను. అగ్రిమెంట్ ప్రకారం 30 రోజుల నోటీసు ఇస్తున్నాను, చివరి రోజు ఫలానా తేదీ. నా దగ్గరున్న మూడు పీఓలు, వాటి నంబర్లు ఇవి, అనుకున్న గడువుకే ఇస్తాను. ట్రాన్స్‌లేషన్ మెమరీ, పదకోశం చివరి డెలివరీతో పంపి, క్లయింట్ ఫైళ్లు నా దగ్గర తీసేస్తాను. బాకీ ఉన్న ఇన్‌వాయిస్‌ల జాబితా జతచేశాను. ఇన్నాళ్లూ కలిసి పనిచేసినందుకు ధన్యవాదాలు."

గమనించండి, ఇందులో రేటు గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆ 20 శాతం కోత లెక్క ఇక్కడ పెట్టొద్దు, అది బేరం అప్పుడే చెప్పి ఉండాలి. ఇంకో ఏజెన్సీ ఎక్కువిస్తోందని రాయొద్దు, రాస్తే వదిలేస్తున్నారని కాక బేరమాడుతున్నారని అనుకుంటారు. మెయిల్ వెండర్ మేనేజరుకి వెళ్లాలి, ప్రాజెక్ట్ మేనేజరుకి కాపీ పెట్టి, వీలైతే ఆమెకి ముందుగా ఒక ఫోన్ చేస్తే ఇంకా బాగుంటుంది. ఫైళ్లు తీసేసే ముందు ఒక్క జాగ్రత్త: ఆఖరి పేమెంట్ పడి, రివ్యూ కామెంట్లు తేలేదాకా డెలివరీ చేసిన కాపీ ఉంచుకోవడానికి అనుమతి అడగండి, తర్వాత ఎవరైనా "ఈ తప్పు మీదే" అంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

నోటీసు అందాక తరచుగా జరిగేది ఏంటంటే వాళ్లు మధ్యస్థంగా ఒక రేటుతో తిరిగొస్తారు, మూలం పదానికి రూపాయి ముప్పై అయిదు అనుకోండి. పదివేల పదాలకి 13,500, అంటే కోత పదోవంతుకి తగ్గింది. దీనికి అవునో కాదో ఆ రోజు ఆలోచించకూడదు, నోటీసు రాసిన రోజే ఎంత దాకా దిగుతారో ఒక అంకె కాగితం మీద వేసుకుని ఉండాలి. దాని కంటే తక్కువైతే "ధన్యవాదాలు, నోటీసు తేదీ మారదు" అని ఒక్క ముక్క. ఎక్కువైతే ఒప్పుకోవచ్చు, కానీ సంతకం పెట్టిన రేట్ల అనుబంధం చేతికి వచ్చాకే నోటీసు వెనక్కి తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాటకి కాదు.

ఇక బయటికొచ్చాక వాళ్ల క్లయింట్ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ వల్ల, ఒప్పందం ముగిశాక కూడా ఫలానా రంగంలో పనే చేయకూడదనే షరతులు మన దగ్గర మామూలుగా నిలబడవు, అంటే ఇంకో ఏజెన్సీకి నిశ్చింతగా పని చేసుకోవచ్చు. కానీ రహస్యాల ఒప్పందం అలాగే ఉంటుంది, క్లయింట్లని లాక్కోకూడదనే క్లాజుతో కోర్టుల్లో ఎటు తేలుతుందో ముందే చెప్పలేం, ఏజెన్సీ విదేశానిదైతే చట్టమే వేరు. ఒక్క క్లయింట్ కోసం అంత టెన్షన్ నాకైతే అక్కర్లేదు, ఆ క్లాజులో రాసిన ఏడాదో రెండేళ్లో గడిచేదాకా ఆ వైపు వెళ్లను.