గట్టిమేళంలో పగిలిన శబ్దం: ఆడాసిటీ Clip Fix ఎంతవరకు బాగుచేస్తుంది?

పెళ్లి వీడియోల్లో శబ్దం ఎక్కువగా పాడయ్యేది మాంగల్యధారణ దగ్గరే. పంతులుగారు "గట్టిమేళం" అనగానే డోలు, సన్నాయి ఒక్కసారిగా లేస్తాయి. దగ్గర నుంచి తీసిన ఫోన్‌లో అదంతా కరకరమంటూ పగిలిపోతుంది. బంధువుల ఇళ్ల నుంచి వచ్చే ఇలాంటి వీడియోల కోసం ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని Clip Fix కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఉచితంగా దొరికేవాటిలో నాకు నమ్మకం కుదిరింది దీని మీదే.

శబ్దం హద్దు దాటితే తరంగం శిఖరం తెగిపోయి చదునుగా మిగులుతుంది. Clip Fix ఆ చదునుకు అటూ ఇటూ ఉన్న వాలును చూసి, పోయిన శిఖరాన్ని అంచనాతో గీస్తుంది. అందుకే చదును ఎంత పొట్టిగా ఉంటే ఫలితం అంత బాగుంటుంది.

అసలు చిక్కు Threshold of Clipping దగ్గర వస్తుంది, ఎంత ఎత్తు దాటితే శిఖరం తెగినట్టు లెక్కో చెప్పే సెట్టింగ్ అది. మామూలుగా అది 95 శాతం ఉంటుంది. ఆ శాతాన్ని మనం సెలెక్ట్ చేసిన ముక్కలోని అతి పెద్ద శిఖరంతో లెక్కిస్తారు. ఫోన్ వీడియోలో శబ్దం ఏఏసీగా కుదించి ఉంటుంది కాబట్టి చదునులు కాస్త అలలు తిరిగి, ఒకటీ అరా శిఖరాలు మిగతావాటిని దాటి ఉంటాయి. అప్పుడు 95 పెడితే చాలా చదునులు దానికి కనబడనే కనబడవు. మొన్న ఒక పెళ్లి వీడియోలో బాగా జూమ్ చేసి చూస్తే చదునులు పెద్ద శిఖరంలో 88 శాతం దగ్గర ఉన్నాయి. 85 పెట్టాక డోలు దెబ్బలు విడివిడిగా వినిపించాయి. ఇంకా కిందికి దించితే మంచి శిఖరాలను కూడా మార్చేస్తుంది, టక్ టక్‌మని కొత్త శబ్దాలు మొదలవుతాయి. వాట్సాప్‌లో మళ్లీ కుదించిన కాపీ అయితే పని ఇంకా కష్టం, తీసిన ఫోన్‌లోని అసలు ఫైలే అడగండి.

రెండో సెట్టింగ్ శిఖరాలకు చోటు కోసం శబ్దాన్ని 9 డెసిబెల్స్ తగ్గిస్తుంది. నేను గట్టిమేళం ముక్క వరకే సరిచేస్తాను కాబట్టి, అలా వదిలితే ఆ ముక్క ఒక్కటే చిన్నగా వినిపిస్తుంది. అందుకని 0 పెడతాను. ట్రాక్ 32-bit float లో ఉంటే హద్దు దాటిన శిఖరాలు పోవు, చివర్లో మొత్తం ట్రాక్ శబ్దాన్ని Amplify అనే ఎఫెక్ట్‌తో దించితే సరిపోతుంది. ఈక్వలైజర్ లాంటివి మాత్రం దీని తర్వాతే వాడాలి, ముందే వాడితే చదునులు వంకర తిరిగి దొరకవు.

డోలుకు ఇది బాగా పనిచేస్తుంది, సన్నాయికి అంతగా కాదు. సన్నాయి ఆగకుండా మోగుతుంది కాబట్టి శిఖరాలు వరసగా తెగుతాయి, అంచనాకు ఆధారం మిగలదు. 3 కిలోహెర్ట్జ్ పైన నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తే కరకుదనం కాస్త మెత్తబడుతుంది, అంతే. డీజే బేస్ అయితే ఒక్కో చదును వందల శాంపిళ్ల పొడవుంటుంది, అక్కడ ఇది చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అలాంటి చోట వెనక వరసలో ఎవరైనా తీసిన వీడియో ఉందేమో కనుక్కుని, ఆ కొన్ని క్షణాలకు దాని శబ్దం అతికిస్తున్నాను.