మందు షీటు ఫొటోలో డేటు, బ్యాచ్ నంబరు: కంటితో చదవడం మేలా, ఫోన్‌తోనా, క్యూఆర్ కోడ్‌తోనా?

పర్లాకిమిడిలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాడికి రోజుకు నాలుగైదు ఫొటోలైనా వస్తాయి. గారబంద నుంచో, కాశీనగర్ నుంచో, వంశధార అవతలి ఊళ్ల నుంచో వాట్సాప్‌లో పంపుతారు. "బాబూ, ఈ మందు డేటు ఉన్నాదా, అయిపోయిందా?" అన్నదే ప్రశ్న. మా పిల్లలు బళ్లో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. షీటు మీద మాత్రం చీమ తలకాయంత ఇంగ్లీషు. అందుకే ఫొటో తీసి మాకు పంపడం అలవాటైపోయింది.

ఫొటోలోంచి ఈ వివరాలు రాబట్టడానికి మూడు దారులున్నాయి. పెద్దది చేసి కంటితో చదవడం ఒకటి. అక్షరాలను గుర్తుపట్టే యాప్‌కు ఫొటో ఇవ్వడం రెండోది. క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని స్కాన్ చేయడం మూడోది. మూడూ వాడాను, మూడింటి దగ్గరా దెబ్బతిన్నాను. గడువు తేదీకి ఒకటి నయం, బ్యాచ్ నంబరుకు ఇంకొకటి, దాచే పద్ధతికి ఏదీ పూర్తిగా నయం కాదు. 2025 మార్చిలో వచ్చిన ఒక ఫొటో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

కాశీనగర్ నుంచి ఒకామె వాళ్ల అమ్మ వాడే బీపీ మాత్ర, టెల్మీసార్టాన్ 40, షీటు ఫొటో పంపింది. ఆ మాత్రకు చెమ్మ పడదు కాబట్టి రెండువైపులా అల్యూమినియం ఉన్న షీటులో వస్తుంది. అంటే ఫొటో తీసేవాళ్లకు అద్దాన్ని ఫొటో తీసినట్టే. ట్యూబ్‌లైటు కింద తీసింది. షీటులో సగం ఎవరో కత్తిరించి వాడేశారు. మిగిలిన కొసన సిరా చుక్కలతో కొట్టిన మూడు వరుసలున్నాయి. నా కంటికి గడువు JUN.25 అనిపించింది. యాప్‌కు ఇస్తే అదీ ఇలాగే చెప్పింది:

```
B.No. TL3OB18
MFG. FEB.23
EXP. JUN.25
```

ఇద్దరం ఒకటే చెప్పాం కదా, జూన్ దాకా వాడుకోవచ్చని జవాబు రాసేయబోయాను. అప్పుడు పై వరుస మీద కన్ను పడింది. 2023 ఫిబ్రవరిలో తయారై 2025 జూన్‌లో గడువు తీరేదైతే ఆ మందు ఆయుష్షు 29 నెలలు. అలాంటి లెక్క నేను ఎక్కడా చూడలేదు. కంపెనీలు మందుకు పెట్టే ఆయుష్షు ఎక్కువగా 24 నెలలో 36 నెలలో ఉంటుంది, కొన్నిటికి 18 నెలలు. అదీకాక తయారీ నెలతో కలిపి లెక్కపెడతారు కాబట్టి, గడువు నెల తరచూ తయారీ నెలకు ఒకటి ముందుది అవుతుంది. ఫిబ్రవరి 2023 నుంచి సరిగ్గా 24 నెలలు పెడితే జనవరి 2025కు వస్తుంది. అంటే అది JUN కాదు, JAN. మధ్య అక్షరం పైభాగం మెరుపులో కలిసిపోయింది, కింద సిరా అలికింది, A కాస్తా U అయింది.

మన దేశంలో గడువు నెల, సంవత్సరం మాత్రమే వేస్తారు. ఆ నెల చివరి రోజు దాకా మందు వాడవచ్చని దాని అర్థం. కాబట్టి ఆ షీటు జనవరి 31తో సరి. మళ్లీ ఫొటో తీయమన్నాను, ఈసారి కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా. JAN స్పష్టంగా కనబడింది. మిగిలిన మాత్రలు వాడొద్దని, కొత్తవి తీసుకుని వాళ్ల అమ్మకు ఒకసారి బీపీ చూపించమని చెప్పాను.

ఇక్కడే కన్నుకూ యాప్‌కూ తేడా తెలుస్తుంది. యాప్‌కు అక్షరం ఆకారమే తెలుసు. 29 నెలలు విడ్డూరమని దానికి తట్టదు. అనుమానం వచ్చినా మనకు చెప్పదు, తోచిన అక్షరం పెట్టేసి శుభ్రమైన అచ్చులో చూపిస్తుంది. ఆ అచ్చు చూసి మనం నమ్మేస్తాం, అదే ప్రమాదం. కన్ను కూడా తప్పు చదువుతుంది కానీ, పక్కనున్న తయారీ తేదీతో సరిచూసుకోగలదు. JAN, JUN ఒక జత. MAR, MAY ఇంకో జత. అంకెలతో కొట్టిన నెలైతే 03, 08 చూసుకోవాలి. గడువు తేదీ మట్టుకు నా ఓటు కంటికే, అదీ తయారీ తేదీ పక్కన పెట్టుకుని చదివితేనే. తయారీ తేదీ రాని ఫొటో వస్తే నేనిప్పుడు జవాబు చెప్పడం మానేశాను, మళ్లీ తీయమంటున్నాను.

ఇంకో చిక్కుంది. చాలా షీట్ల మీద `B.No.`, `MFG.`, `EXP.` అనే మాటలు ముందే అచ్చయి ఉంటాయి, అంకెలు తర్వాత ఇంకో యంత్రం కొడుతుంది. అంకెలు ఒక వరుస కిందికో పైకో జరిగితే యాప్ తయారీ తేదీని గడువు ఎదురుగా పెట్టేస్తుంది. రెండు తేదీల్లో పాతది తయారీ, దాని తర్వాత వచ్చేది గడువు. ఇందులో మాత్రం మోసం లేదు.

బ్యాచ్ నంబరు సంగతి వేరు. దానికి లెక్క లేదు, అర్థం లేదు, సరిచూసుకునే పక్క వరుసా లేదు. పైన యాప్ ఇచ్చినది `TL3OB18`. అసలు షీటు మీద ఉన్నది `TL30B18`. మూడు తర్వాత ఉన్నది O అక్షరం కాదు, సున్నా. 8 ఉన్న చోట B, 5 ఉన్న చోట S, 1 ఉన్న చోట I కూడా ఇలాగే దూరతాయి. ఒక్క అక్షరం తేడా వస్తే అది వేరే బ్యాచ్ అయిపోతుంది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా నాణ్యత తప్పిన మందుల జాబితా బ్యాచ్ నంబర్లతో సహా విడుదల చేస్తుంది. అందులో మన మందు ఉందో లేదో చూడాలంటే ఆ నంబరు తూచా తప్పకుండా ఉండాలి. తప్పు నంబరుతో వెతికితే దొరకదు, దొరకలేదు కదా అని మనసు కుదుటపడుతుంది. బ్యాచ్ నంబరులో ఇంతకన్నా చెడ్డ తప్పు లేదు.

కాబట్టి దీనికి క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని మించింది లేదు. 2023 ఆగస్టు 1 నుంచి తయారైన మందుల్లో, ప్రభుత్వం ఎంచిన 300 బ్రాండ్ల మీద బార్ కోడో క్యూఆర్ కోడో ఉండాలి. అందులో మందు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, లైసెన్సు నంబరు వస్తాయి. స్కాన్‌లో అక్షరాన్ని ఊహించే పని లేదు. చదివితే సరిగ్గా చదువుతుంది, లేకపోతే అసలు చదవదు. ఫొటో స్పష్టంగా ఉంటే ఫొటోలోని కోడ్‌ను కూడా ఫోన్ చదువుతుంది.

అయితే ఇంతచేసీ మా ఊళ్లో అది పనికొచ్చే సందర్భాలు తక్కువ. షీటు మీద చోటు చాలకపోతే కోడ్‌ను పెట్టె మీద వేయవచ్చని నిబంధనలోనే ఉంది. మా దగ్గర పెట్టె ఎవరు కొంటారు? పెట్టెలో పది షీట్లుంటే ఒకాయన ఒక షీటు, ఇంకొకాయన అర షీటు పట్టుకెళ్తాడు. పెట్టె నా కౌంటర్ కింద మిగిలిపోతుంది, క్యూఆర్ కోడ్ దానితో పాటే. పైన చెప్పిన షీటు చూడండి, 2023 ఫిబ్రవరిది, నిబంధన అమల్లోకి రాకముందే తయారైంది. కోడ్ కోసం వెతికినా దండగే.

పెట్టె మీద గీతల బార్ కోడ్ ఉంటే అందులో గడువు ఉంటుందనుకుని స్కాన్ చేసేవాళ్లున్నారు. 890తో మొదలై కింద 13 అంకెలుండే ఆ మామూలు కోడ్‌లో వస్తువు ఏదో మాత్రమే ఉంటుంది. బ్యాచ్ గానీ తేదీ గానీ ఉండవు.

క్యూఆర్ లేనప్పుడు బ్యాచ్ నంబరుకు నేను చేసేది ఇది. ముందు నా కంటితో కాగితం మీద రాసుకుంటాను, తర్వాత యాప్‌తో చదివిస్తాను. రెండూ ఎక్కడ వేరుగా వచ్చాయో ఆ అక్షరం ఒక్కటి పెద్దది చేసి చూస్తాను. యాప్ చదివింది ముందు చూస్తే కన్ను దాని వెంటే పోతుంది. అందుకే వరుస మార్చను.

కొన్ని షీట్ల కొసన సిరా ఉండదు, అంకెలు రేకులోనే నొక్కి ఉంటాయి. ఇవి ఎదురు వెలుతురులో తీసిన ఫొటోలో ఎవరికీ దొరకవు. షీటును బల్లమీద చదునుగా పెట్టి, ఇంకో ఫోన్ టార్చిని పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి వెలిగిస్తే అంకెల నీడలు లేస్తాయి. ఫోన్ మరీ దగ్గర పెడితే మసకబారుతుంది. జానెడు ఎత్తున పట్టుకుని రెండింతలు జూమ్ చేయాలి. ఫొటో కుదరకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల బొమ్మ దింపినట్టు. ఆ కాగితం ఫొటో పంపినా నాకు చాలు. ఇంకో మాట, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

ఇక మందు ఎక్కడ దాచాలన్న వాక్యం. ఇది క్యూఆర్ కోడ్‌లో ఉండాల్సిన వివరాల్లో లేదు. చదవాల్సిందే. వాక్యం పొడుగ్గా, చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి యాప్‌కే ఇవ్వాలనిపిస్తుంది, నిజానికి మాటల వరకు బాగానే చదువుతుంది. అంకెల దగ్గరే కొంప ముంచుతుంది. డిగ్రీ గుర్తు చిన్న సున్నాలా ఉంటుంది కదా, దాన్ని సున్నాగానే చదివేస్తుంది. ఒక కుర్రాడు వాళ్ల నాన్న ఇన్సులిన్ పెట్టె ఫొటో చదివించుకుని, దాన్ని తెలుగులోకి మార్చుకుని వచ్చి, "అన్నయ్యా, 20 నుంచి 80 డిగ్రీల్లో పెట్టమంటోంది, ఎండలో పెట్టాలా ఏటి?" అన్నాడు. పెట్టె మీద ఉన్నది `2°C to 8°C`, తెరిచేదాకా ఫ్రిజ్‌లో ఉండాలని. అదే వరుసలో గడ్డకట్టనివ్వొద్దని కూడా ఉంది, అంటే డీప్‌ఫ్రీజర్ గదిలో పెట్టకూడదు. 300C అని వస్తే అది 30 డిగ్రీలు మించకూడదని. చల్లని పొడి చోటు అని ఉంటే ఫ్రిజ్ కాదు, పొయ్యికీ కిటికీ ఎండకూ దూరంగా ఉన్న అలమర.

సగం షీటు ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ వాక్యం తరచూ మిగలదు, కత్తిరించిన ముక్కతో పోతుంది. మందు కొన్నప్పుడే కౌంటర్ మీదున్న పెట్టెను రెండు వైపులా ఫొటో తీసుకుంటే బ్యాచ్, గడువు, దాచే పద్ధతి, ఉంటే క్యూఆర్, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పెట్టె మీది బ్యాచ్ నంబరూ షీటు మీదిదీ ఒకటేనా అని అక్కడే చూసుకోవాలి, ఖాళీ అయిన పాత పెట్టెలో కొత్త షీట్లు సర్దే అలవాటు షాపుల్లో ఉంది. మా షాపులోనూ ఉండేది.

ఆ కాశీనగర్ ఫొటో తర్వాత నేను పెట్టెలు కలపడం మానేశాను. అర షీటు అడిగితే డేటు లేని కొస నుంచి కత్తిరించి ఇస్తున్నాను. తీసుకెళ్లినవాళ్లకు డేటు లేని ముక్క పోతుంది కదా, దాని వెనక బ్యాచ్ నంబరూ గడువూ స్కెచ్ పెన్నుతో రాసి ఇస్తాను. మొదట్లో కాశీనగర్ ఆమె నవ్వింది, ఇప్పుడు ఆ రాత కూడా ఫొటో తీసి పంపుతోంది, "సరిగ్గానే రాసినావా బాబూ, ఓసారి సూడు" అని.