పొరుగు దేశంలో దాగిన ముఠాపై దాడి: ఏ వాదం మేలు?

హనుమకొండలో నా దగ్గర అంతర్జాతీయ న్యాయం చదువుకునే పిల్లలు పరీక్షలు దగ్గరపడేసరికి ఒకే ప్రశ్నతో వస్తారు. పొరుగు దేశంలో మకాం వేసిన ముఠా మనపై దాడి చేస్తే, ఆ దేశం ఒప్పుకోకపోయినా అక్కడ సైన్యాన్ని దించవచ్చా? ఐక్యరాజ్యసమితి ఛార్టర్‌లోని 2(4) అధికరణ బలప్రయోగంపై పెట్టిన నిషేధం, 51వ అధికరణ ఇచ్చే ఆత్మరక్షణ హక్కు వాళ్లకు కంఠతా వచ్చు. ఆ హక్కు ఎంత దూరం వెళ్తుందన్నదే తేలదు.

భద్రతామండలి అనుమతి గానీ, ముఠా మకాం వేసిన ఆతిథ్య దేశం సమ్మతి గానీ ఉంటే ఈ చిక్కే లేదు. అవి లేనప్పుడు మూడు వాదాలు నిలబడతాయి.

మొదటిది, దాడిని ఆ రాజ్యానికే ఆపాదించగలగాలి అన్నది. 2005లో అంతర్జాతీయ న్యాయస్థానం, కాంగోలోకి సైన్యాన్ని పంపిన ఉగాండా ఆత్మరక్షణ వాదనను తోసిపుచ్చింది ఇందుకే: కాంగోలో దాగిన తిరుగుబాటుదారులు ఉగాండాపై చేసిన దాడులు కాంగో ప్రభుత్వానివని తేలలేదు. అయితే ముఠాలు భారీ దాడులు చేస్తే వాటిపై ఆత్మరక్షణ హక్కు ఉంటుందా అన్నది కోర్టు తేల్చకుండా వదిలేసింది. జవాబుల్లో చాలామంది ఈ సగాన్ని మరిచిపోతారు.

రెండోది, ఆతిథ్య దేశానికి ఇష్టం లేకపోయినా, చేతకాకపోయినా చాలు అన్నది. 2014 సెప్టెంబర్‌లో సిరియాలోని ఐసిస్‌పై దాడులను సమర్థించుకుంటూ అమెరికా ఐక్యరాజ్యసమితికి రాసిన లేఖలో ఉన్నది ఇదే. మూడోది 2015 డిసెంబర్‌లో జర్మనీ రాసిన లేఖలోది. ఐసిస్ ఆక్రమించిన భూభాగంపై సిరియా ప్రభుత్వానికి ప్రస్తుతం సమర్థమైన అదుపు లేదు అన్నంతవరకే అది చెప్పింది.

ఈ రెండింటికీ తేడా చిన్నదనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అంతా అక్కడే ఉంది. ఇష్టం ఉందో లేదో తేల్చేది దాడి చేయబోయే దేశమే. అదుపు ఉందో లేదో బయటివాళ్లు కూడా చూసి చెప్పగలరు. పైగా దానికి గడువు ఉంటుంది: 2017 అక్టోబర్‌లో రక్కా ఐసిస్ చేజారాక ఆ నగరం విషయంలో ఆ ఆధారం పోయినట్టే.

2008 మార్చి 1న కొలంబియా సైన్యం సరిహద్దు దాటి ఈక్వడార్‌లో ఉన్న కొలంబియా తిరుగుబాటు ముఠా ఫార్క్ శిబిరంపై దాడి చేసి, ఆ ముఠా నాయకుల్లో ఒకరైన రౌల్ రేయెస్‌ను చంపింది. శిబిరం సరిహద్దుకు రెండు కిలోమీటర్ల లోపే. రెండో వాదం ప్రకారం ఈక్వడార్‌కు ఇష్టం లేదని కొలంబియా తనకు తానే తేల్చుకోవచ్చు. మూడో వాదంలో ఆ వీలు లేదు, అక్కడి ప్రభుత్వం పరిపాలన కోల్పోలేదు కాబట్టి. అమెరికా ఖండ దేశాల సంస్థ విదేశాంగ మంత్రులు ఆ చొరబాటును తిరస్కరించారు.

అదుపు ఉండి కూడా ముఠాను చూసీచూడనట్టు వదిలేసే దేశం సంగతి? అక్కడ మూడో వాదం చేతులెత్తేస్తుంది, మొదటిదీ సులభంగా అందదు. బాధిత దేశానికి ఇది నిజమైన నష్టం. అయినా నేను మూడోదాని వైపే. 2021 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి చర్చలో భారత్ సైతం ఇష్టం లేకపోవడంతో ఆగలేదు; ముఠా పదేపదే దాడులు చేయడం, ఆతిథ్య దేశం చురుగ్గా మద్దతివ్వడం కూడా షరతులుగా చేర్చింది.